బొడ్డు దగ్గర మొదలై కుడివైపుకి దిగిన నొప్పిని గ్యాస్ అనకండి

కడుపునొప్పి అంటే చాలు, మన వైపు అందరి నోటా వచ్చే మాట గ్యాస్. కావలి అయినా కనిగిరి అయినా అంతే. వాము నమలమంటారు, సోడా తాగమంటారు, తగ్గకపోతే ఆర్ఎంపీ దగ్గర ఒక సూది వేయించి పడుకోబెడతారు. చాలాసార్లు నిజంగానే తగ్గిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ అపెండిక్స్ నొప్పిని గ్యాస్ అనుకుంటే ప్రాణం మీదకి వస్తుంది. అది మా ఇంట్లోనే జరిగింది.

మా అక్క కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. ఒక శనివారం సాయంత్రం బొడ్డు చుట్టూ నొప్పి అన్నాడు. ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేకపోయాడు, అరచేత్తో కడుపంతా తడిమాడు. చేపల పులుసు అంటే ప్రాణం పెట్టేవాడు ఆ రాత్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు. తర్వాత రెండు వాంతులు. "ఉలవపాడు మామిడిపండ్లు ఒకటే తినడం తిన్నావు కదా అబ్బయ్యా, వేడి చేసుంటుంది" అంది వాళ్ల నాయనమ్మ. ఆదివారం తెల్లారేసరికి బొడ్డు దగ్గర నొప్పి తగ్గి, కుడివైపు పొత్తికడుపులోకి దిగింది. ఇప్పుడు ఒక్క వేలితో చోటు చూపిస్తున్నాడు. ఆర్ఎంపీ గ్యాస్ సూది, నొప్పి సూది వేసి ఇంటికి పంపేశాడు. నొప్పి ముందు ఎక్కడ మొదలైంది అని ఒక్క మాట అడగలేదు. నా కోపమంతా అక్కడే.

ఎందుకంటే ఈ జబ్బు గుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉంది. పెద్దపేగు మొదట్లో, కుడివైపు కింద, వేలంత పొడవున వేలాడే చిన్న భాగం అపెండిక్స్. గట్టిపడిన మలం ముక్కో, లోపల వాచిన గ్రంథులో దాని దారిని మూసేస్తే అది ఉబ్బుతుంది. దాని నరాలు, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నరాలు వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. అందుకే మొదట్లో జబ్బు కుడివైపు ఉన్నా నొప్పి బొడ్డు దగ్గర తెలుస్తుంది. కొన్ని గంటలు గడిచాక వాపు అపెండిక్స్ బయటిదాకా వచ్చి, కడుపు గోడ లోపలి పొరకి తగులుతుంది. ఆ పొర నరాలు చోటుని కచ్చితంగా చెబుతాయి. అప్పుడు నొప్పి కుడివైపుకి మారుతుంది. దిగింది కదా, తగ్గుతుందిలే అనుకుంటాం గానీ, నిజానికి జబ్బు ముదురుతోందని దాని అర్థం.

ఆ పొర కదిలినప్పుడల్లా పొడుస్తుంది. ఆదివారం వాడు నడుం వంచి నడిచాడు, దగ్గితే కడుపు పట్టుకున్నాడు. బండి మీద స్పీడ్ బ్రేకర్ దాటితే కేక వేశాడు. జ్వరం 100 దగ్గరే ఉంది, మొదట్లో ఎక్కువ ఉండదు కూడా. ఇంకొకటి, ఇందులో సాధారణంగా నొప్పి ముందు, వాంతి తర్వాత. వాంతులు, విరేచనాలు ముందు మొదలై తర్వాత నొప్పి వస్తే తిండి తేడా చేసిందేమో అనుకోవచ్చు.

సోమవారం తెల్లవారుజామున నొప్పి ఒక్కసారిగా తగ్గింది. వాడు నిద్రపోయాడు, ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అపెండిక్స్ పగిలి, లోపలి ఒత్తిడి పోవడం వల్ల వచ్చిన ఉపశమనం అది. సాధారణంగా మొదటి 24 గంటల్లో పగలడం తక్కువ, ఒకటిన్నర రోజు దాటాక ప్రమాదం పెరుగుతుంది. మధ్యాహ్నానికి కడుపంతా చెక్కలా బిగుసుకుపోయింది, జ్వరం మండిపోయింది, నాడి పరిగెత్తింది. నెల్లూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తే లోపలంతా చీము. ముందే తీసుకెళ్లి ఉంటే మూడు చిన్న గాట్లతో ఒకటి రెండు రోజుల్లో ఇంటికొచ్చేవాడు. బదులుగా కడుపులో గొట్టం పెట్టుకుని, యాంటీబయాటిక్ సెలైన్లతో చాలా రోజులు మంచం మీదున్నాడు.

నొప్పి సూది వేయడమే తప్పని నేను అనను. ఆసుపత్రిలో సర్జన్ కళ్ల ముందు వేస్తే పరవాలేదు. సూది వేసి ఇంటికి పంపడం తప్పు. ఆముదం తాగించడం, ఎనిమా ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు, వాచిన అపెండిక్స్ పగిలిపోవచ్చు. స్కానింగ్‌లో ఏమీ కనపడలేదని కూడా ధీమాగా ఉండొద్దు. పేగులో గాలి అడ్డొస్తే అల్ట్రాసౌండ్‌కి అపెండిక్స్ చిక్కకపోవచ్చు. అప్పుడు రక్తంలో తెల్లకణాలు చూసి, కొన్ని గంటల తర్వాత మళ్లీ కడుపు నొక్కి చూస్తారు, అవసరమైతే సీటీ తీస్తారు.

అందరికీ ఇదే వరసలో రాదు. అపెండిక్స్ పేగు వెనక ఉంటే నొప్పి నడుం పక్కకి రావచ్చు. చిన్నపిల్లల్లో, ముసలివాళ్లలో, గర్భిణుల్లో లక్షణాలు తికమక పెడతాయి. ఆడవాళ్లలో అండాశయం మెలిపడినా, గర్భం ట్యూబులో నిలిచినా కుడివైపే నొప్పి రావచ్చు. అవీ ఆగలేని జబ్బులే. నొప్పి బొడ్డు దగ్గర నుంచి కుడివైపుకి మారి, ఆకలి చచ్చిపోతే ఇంకేమీ తినిపించకుండా, తాగించకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. అక్కడ డాక్టర్ అడగకపోయినా నొప్పి ఎన్ని గంటలకి, ఎక్కడ మొదలైందో మీరే ముందు చెప్పండి.