పిరమిడ్ గీయలేదని నాలుగు మార్కులు పోయాయి

ఆర్గనైజేషనల్ బిహేవియర్ అసైన్‌మెంట్‌లో పదికి ఆరొచ్చాయి. పేపర్ మీద ఎర్ర ఇంకుతో ఒకటే మాట: "డయాగ్రామ్ ఏది?" పగలు మారతహళ్లిలో ఉద్యోగం, సాయంత్రం ఎంబీఏ క్లాసు, రాత్రి పీజీ గదిలో మంచం మీద కూర్చుని ఆరు పేజీలు రాశాను. మనిషి అవసరాలు ఐదు రకాలని, వాటిలో కిందివి తీరేకొద్దీ పైవి ముందుకొస్తాయని చెప్పే మాస్లో సిద్ధాంతం మీద విమర్శలు రాయమన్నారు, రాశాను. ఐదంతస్తుల త్రిభుజం మాత్రం కావాలనే వదిలేశాను. ఎందుకంటే అది మాస్లో గీసింది కాదు.

అమెరికన్ సైకాలజిస్టు అబ్రహం మాస్లో 1943లో రాసిన వ్యాసంలో ఆ బొమ్మ లేదు. 1954లో వచ్చిన పుస్తకంలోనూ లేదు. 1960లో చార్లెస్ మెక్‌డర్మిడ్ అనే కన్సల్టింగ్ సైకాలజిస్టు ఒక బిజినెస్ పత్రికలో దాన్ని పిరమిడ్‌గా వేశాడు. బొమ్మ ఎవరు గీస్తే ఏంటంటారా? బొమ్మను చూస్తే మెట్టు మెట్టు ఎక్కాలనిపిస్తుంది. కింది గది తాళం వేశాకే పై గది తలుపు తీసినట్టు. మాస్లో చెప్పింది అది కాదు. మామూలు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, తనలోని సత్తా అంతా బయటికి తేవాలనే సెల్ఫ్ యాక్చువలైజేషన్ 10 శాతం తీరి ఉండవచ్చని ఆయన ఉదాహరణగా చెప్పాడు. అవి ఎక్కడా కొలిచిన లెక్కలు కావు, ఊహించి వేసిన అంకెలని ఆయనే ఒప్పుకున్నాడు. ఈ వరుస అందరికీ ఒకేలా ఉండదని కూడా రాశాడు.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మా పీజీ వాచ్‌మన్ అన్న సంగతే తీసుకోండి. హిందూపురం వైపు మనిషి, వయసు యాభై దాటింది. ఇంతకుముందు ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర 18 వేలకు చేసేవాడు. అది మానేసి ఇక్కడ 16 వేలకు చేరాడు. ఊళ్లో అప్పుంది, వడ్డీ కట్టాలి. మెస్‌లో మిగిలిన సాంబారన్నం స్టీలు డబ్బాలో పెట్టుకుని రాత్రి పదకొండుకు తింటాడు. ఎందుకు మానేశావన్నా అని అడిగితే, "నా కొడుకు వయసున్నోడు రేయ్ అని పిలుస్తాండె తమ్ముడా. ఆ రెండు వేలు నాకొద్దు" అన్నాడు. వెళ్లిపోతానంటే అక్కడి సూపర్‌వైజరు ఇంకో ఐదొందలు పెంచుతానన్నాడట. అతనూ మనలాగే పిరమిడ్ చదివుంటాడు.

దీన్ని పాఠంలో పెట్టి చూడండి. మెట్ల లెక్క ప్రకారం అప్పు తీరక భద్రత కుదరని మనిషి గౌరవం కోసం జీతం వదులుకోకూడదు. వదులుకున్నాడు, కాబట్టి మెట్ల లెక్క తప్పు. "అబ్బే, మాస్లో శాతాలు చెప్పాడు కదా, భద్రత సగం తీరినా గౌరవం ముందుకు రావచ్చు" అంటారు. సరే. మరి అన్న ఆ రేయ్‌ను భరిస్తూ అక్కడే ఉండిపోయుంటే? "చూశారా, కింది అవసరమే గెలిచింది" అనేవారు. ఉన్నా రైటే, పోయినా రైటే అయితే ఆ సిద్ధాంతం అన్న ఏం చేస్తాడో ముందుగా ఏం చెప్పినట్టు? నా ఆరు పేజీల్లో ముఖ్యమైన పాయింటు ఇదే. దాని పక్కన టిక్కు కూడా లేదు.

ఒక్క మనిషి కథ రుజువు కాదని నాకూ తెలుసు. అందుకే హాల్, నౌగైమ్ 1968లో ప్రచురించిన పరిశోధన గురించి రాశాను. వాళ్లు అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ యువ మేనేజర్లను ఐదేళ్ల పాటు గమనించారు. చూసే పద్ధతి సులువే: ఈ ఏడాది ఒక అవసరం తీరితే, వచ్చే ఏడాది దాని పై అవసరం బలపడాలి. అలా జరిగిందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. ఏళ్లు గడిచేకొద్దీ భద్రత మీద ఆరాటం తగ్గి పై అవసరాలు పెరిగిన మాట నిజమే. కానీ అది ఉద్యోగంలో కుదురుకునే దశల వల్ల వచ్చిన మార్పు అని వాళ్లు అర్థం చెప్పారు. కొత్తలో ఉద్యోగం నిలబడుతుందా అనే టెన్షన్, తర్వాత ప్రమోషన్ మీద చూపు. మా టీమ్‌లో ఎవరిని చూసినా అంతే కదా. 1976లో వాబా, బ్రిడ్వెల్ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ తిరగేసి, ఐదు మెట్ల వరుసకు పెద్దగా మద్దతు లేదని తేల్చారు.

అలాగని మాస్లోను చెత్తబుట్టలో వేయమనడం లేదు. జీతం ఒక్కటే మనిషిని కదిలించదని మేనేజర్ల చెవిన వేసినవాళ్లలో ఆయనొకడు. మనుషులకు ఏమేం కావాలో ఆయన చెప్పిన జాబితా బాగానే ఉంది. నా పేచీ వరుసతోనే.

సోమవారం మళ్లీ సబ్మిట్ చేయమన్నారు. బొమ్మ గీస్తాను, నాలుగు మార్కులు ఊరికే రావు. కింద చిన్న అక్షరాలతో మెక్‌డర్మిడ్, 1960 అని రాస్తాను.