ఆ రెండు తీర్పులూ ఒకటే తీర్పు

"ఉద్యోగులందరూ తప్పక చదవండి!! 1) విచారణ నివేదిక కాపీ ఇవ్వకుండా డిస్మిస్ చేస్తే ఆ ఆర్డరు చెల్లదు, పాత జీతంతో సహా ఉద్యోగం ఇవ్వాల్సిందే. 2) సుప్రీంకోర్టు ఈ మాట రెండుసార్లు చెప్పింది: (1993) 4 SCC 727, AIR 1994 SC 1074. 3) కాపీ మనం అడగకపోయినా ఇవ్వాలి, ప్రైవేటు వాళ్లకీ వర్తిస్తుంది. 4) ఇదంతా మొదటి పేజీలోనే ఉంది, మిగతాది చదవక్కర్లేదు. 5) జడ్జిగారు తీర్పులో రాసిన ప్రతి మాటా చట్టమే. పది గ్రూపులకు పంపండి."

ఈ నెలలో ఇది నాకు ఆరోసారి వచ్చింది. ఐదుసార్లు ఊరుకున్నాను. ఆరోసారి పంపింది మా బాబాయి. ఆయన పనిచేసిన చోట శాఖాపరమైన విచారణ అయ్యాక ఉద్యోగం తీసేశారు. ఇప్పుడు ఈ మెసేజిని నమ్ముకుని లాయరుకి సగం కాగితాలే ఇస్తానంటున్నాడు. ఇక ఊరుకోలేను.

తేలికైన రెండో పాయింటుతో మొదలుపెడతాను. రెండుసార్లు చెప్పలేదండీ. ఆ రెండు సైటేషన్లూ, అంటే తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తులు, ఒకే తీర్పువి. హైదరాబాదు ఈసీఐఎల్ మేనేజింగ్ డైరెక్టరుకీ కరుణాకర్‌కీ మధ్య కేసు అది, 1993 అక్టోబరు 1న ఐదుగురు జడ్జీల బెంచ్ తీర్పిచ్చింది. ఒకే పెళ్లి ఫొటోని ఇద్దరు ఫొటోగ్రాఫర్లు తీస్తే రెండు పెళ్లిళ్లు జరిగినట్టా? ఒకే తీర్పుని వేరువేరు ప్రచురణకర్తలు అచ్చువేస్తారు. మొదటి సైటేషన్‌లో బ్రాకెట్లో ఉన్నది సంవత్సరం, 4 అనేది ఆ ఏడాది వచ్చిన నాలుగో సంపుటం, SCC అంటే సుప్రీంకోర్టు కేసెస్ అనే లా రిపోర్టు, 727 అనేది తీర్పు మొదలయ్యే పేజీ. రెండోదాంట్లో ఏఐఆర్ పత్రిక, సంవత్సరం, కోర్టు, చివర పేజీ. ఆ 1074 కేసు నంబరు కాదు. సంవత్సరం కూడా పుస్తకానిదే, తీర్పుది కాదు. అందుకే 1993లో వచ్చిన తీర్పు ఏఐఆర్‌లో 1994 కింద కనిపిస్తుంది. అధికారులకు సహజ న్యాయ సూత్రాలు వర్తిస్తాయని చెప్పిన క్రైపాక్ కేసు సంగతీ అంతే: తీర్పు 1969లో, ఏఐఆర్‌లో మాత్రం AIR 1970 SC 150. ఇప్పుడు సుప్రీంకోర్టే సొంతంగా ఇస్తున్న సైటేషన్ 2024 INSC 113 లాగా ఉంటుంది. దాంట్లో చివరిది పేజీ కాదు, ఆ ఏడాది వరస సంఖ్య. ఇంతటితో రెండో పాయింటు అయిపోయింది.

నాలుగోది. మొదటి పేజీలో ఉన్నది హెడ్‌నోట్, అంటే తీర్పు సారాంశం. దాన్ని రాసింది జడ్జి కాదు, లా రిపోర్టు సంపాదకులు. మంచి సంపాదకులే రాస్తారు, నేనూ రోజూ అక్కడినుంచే మొదలుపెడతాను. కానీ అది తీర్పులో భాగం కాదు. కోర్టులో హెడ్‌నోట్ చదివి వినిపిస్తే జడ్జి అడిగే మొదటి ప్రశ్న "పేరా ఎక్కడ?" అనే. హెడ్‌నోట్‌లో ప్రతి అంశం చివరా బ్రాకెట్లో ఆ పేరా నంబరు ఉంటుంది. చేయాల్సిందల్లా ఆ నంబరు పట్టుకుని లోపలికి వెళ్లడమే. వెళ్లాక ఆ పేరా ఎవరిదో చూడాలి. ఈ కేసులో నలుగురి తరఫున జస్టిస్ సావంత్ రాశారు, జస్టిస్ కె. రామస్వామి విడిగా రాశారు. విడిగా రాసినదాంట్లోని వాక్యం ఎత్తుకొచ్చి ఐదుగురూ అన్నట్టు చెప్పడం మన గ్రూపుల్లో మామూలైపోయింది. ఇంకో ఇబ్బంది, ఒక రిపోర్టులోని పేరా నంబరు ఇంకో రిపోర్టులో కలవకపోవచ్చు. నేను కింద చెప్పేవి ఎస్‌సీసీ నంబర్లు.

ఇక అసలు ప్రమాదం, మొదటి పాయింటు. దీనివల్ల మనుషులు కేసులు ఓడిపోతారు.

కరుణాకర్ కేసు ఐదుగురి దగ్గరికి వెళ్లిందే అంతకుముందు తీర్పులు ఒకదానితో ఒకటి పొసగక. నివేదిక ఇవ్వాలా, ఇవ్వకపోతే శిక్ష ఏమవుతుంది అనేవి వాళ్ల ముందున్న ప్రశ్నలు. రేషియో, అంటే తీర్పులో తర్వాతి కేసులకు చట్టంగా నిలిచే భాగం, కావాలంటే చూడాల్సింది ఇదే: కోర్టుని అడిగిన ప్రశ్న ఏమిటి, ఏ కారణంతో ఏ జవాబు చెప్పింది. మొదటి ప్రశ్నకి జవాబు, ఇవ్వాలి, అది ఉద్యోగి హక్కు. మెసేజి రాసిన మహానుభావుడు ఇక్కడ ఆగిపోయి, రెండో ప్రశ్నకి జవాబు తనే రాసేశాడు.

రెండో ప్రశ్నకి కోర్టు చెప్పింది పూర్తిగా వేరు. కాపీ ఇవ్వలేదని ప్రతి కేసులోనూ పాత జీతంతో తిరిగి తీసుకోమనడం న్యాయ సూత్రాలను యాంత్రికమైన తంతుగా దిగజార్చడమే అంది. 31వ పేరాలో పద్ధతి కూడా చెప్పింది. ముందు కోర్టే ఆ నివేదిక ఉద్యోగికి ఇప్పించాలి. అది అందకపోవడం వల్ల తనకి ఏం నష్టం జరిగిందో ఉద్యోగి చూపించాలి. అందినా ఫలితం అదే అయ్యేదని తేలితే శిక్ష జోలికి వెళ్లకూడదు. తేడా వచ్చేదని తేలితే ఆర్డరు కొట్టేస్తారు, ఉద్యోగిని తిరిగి తీసుకుంటారు. అయితే యాజమాన్యం అతన్ని సస్పెన్షన్‌లో పెట్టి, నివేదిక ఇచ్చే దశ నుంచి విచారణ మళ్లీ నడపొచ్చు. పాత జీతం సంగతి ఆ విచారణ ముగిశాకే.

ఒక స్టోర్ కీపర్ని అనుకోండి. సరుకు తగ్గిందని ఆరోపణ. విచారణలో ఎవరూ చెప్పని ఒక వాచ్‌మన్ మాటని ఆధారం చేసుకుని విచారణాధికారి నివేదిక రాశాడు. కాపీ ముందే అందుంటే "ఈ వాచ్‌మన్‌ని సాక్షిగా పిలవనే లేదు, నేను ప్రశ్నించనే లేదు" అని శిక్ష వేసే అధికారికి రాసేవాడు. ఇది నష్టం, దీన్ని అఫిడవిట్‌లో పేజీ నంబరుతో సహా రాయాలి. అదే స్టోర్ కీపర్ విచారణలోనే "తీశాను సార్, ఇంట్లో ఇబ్బంది" అని సంతకం పెట్టి ఉంటే? కాపీ అందితే ఏం రాసేవాడు? మెసేజిని నమ్మినవాళ్లు అఫిడవిట్‌లో "కాపీ ఇవ్వలేదు" అన్న ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. "ఇస్తే ఏం చెప్పేవారు?" అని కోర్టు అడిగితే లాయరు క్లయింటు వంక చూస్తాడు, క్లయింటు ఫోను వంక చూస్తాడు. మా బాబాయి లాయరుకి ఇవ్వకుండా దాచుకుంటున్న సగం కాగితాలు సరిగ్గా ఈ జవాబు ఉన్నవే.

ఐదోదానికి రెండు ముక్కలు చాలు. కాపీ ఇచ్చిన కేసులో జడ్జి "ఇవ్వకపోయుంటే కొట్టేసేవాళ్లం" అంటే అది ఆబిటర్. ఆ కేసు తేల్చడానికి ఆ మాట అక్కర్లేదు. తీర్పు దేన్ని నిజంగా తేల్చిందో దానికే ప్రమాణమని 1967లోనే సుధాంశు శేఖర్ మిశ్రా కేసులో, AIR 1968 SC 647లో, సుప్రీంకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆలోచించి అన్న ఆబిటర్‌ని హైకోర్టులు గౌరవిస్తాయి, కాదనను. అంతమాత్రాన ప్రతి మాటా చట్టం కాదు.

మూడో పాయింటు దగ్గర మాత్రం నేను తప్పు ఒప్పుకోవాలి. ప్రైవేటు వాళ్లకి ఎలా వర్తిస్తుందిలే అని నవ్వుకున్నాను, అడగనివాడు హక్కు వదులుకున్నట్టే కదా అనుకున్నాను. పుస్తకం తీసి చూస్తే రెండూ నిజమే. 30వ పేరాలో మూడో జవాబు: అడిగినా అడగకపోయినా ఇవ్వాలి. నాలుగో జవాబు: ప్రభుత్వ, ప్రభుత్వేతర, ప్రైవేటు సంస్థలన్నిటికీ వర్తిస్తుంది. మెసేజి రాసినవాడు ఆ రెండూ సరిగ్గా ఎత్తి రాశాడు. నష్టం చూపించాలన్నది వాటి కిందే ఉన్న ఐదో జవాబు.