"జనరల్‌గా ఒక పీపీటీ చేసిపెట్టు" అనేవాళ్లకి

"ఫిషింగ్ మీద ఒక పీపీటీ కావాలి. రేపటికి."

మెసేజ్ ఇంతే. ఎవరికి చూపిస్తారో లేదు, ఎంతసేపు మాట్లాడతారో లేదు, ఎంత లోతుకు వెళ్లాలో లేదు, ఎన్ని స్లైడ్లో లేదు. తిరిగి అడిగామా, "జనరల్‌గా చెయ్యి, నీకు తెలుసుగా" అని ఒక బొటనవేలు ఎమోజీ. స్లైడ్లు బాగా చేస్తాడని ఆఫీసులో ఒక్కసారి పేరు పడితే చాలు, ఇక జీవితాంతం ఇలాంటివే వస్తాయి.

జనరల్ పీపీటీ అనేది లేదండీ. ఈ ఫిషింగ్, అంటే దొంగ మెయిళ్లతో చేసే మోసం సంగతే చూడండి.

వినేది అకౌంట్స్, హెచ్‌ఆర్, రిసెప్షన్ వాళ్లయితే నేను ముందు పెట్టాల్సింది ఒక దొంగ మెయిల్ స్క్రీన్‌షాట్, స్లైడ్ నిండా. పంపినవాళ్ల పేరు దగ్గర మేనేజర్ పేరే ఉంటుంది. పక్కనున్న అడ్రస్ మాత్రం ఎక్కడిదో సంబంధం లేని డొమైన్. చాలా ఫోన్లలో ఆ అడ్రస్ ముందు కనపడనే కనపడదు, పేరు మీద నొక్కితేనే బయటపడుతుంది. అది ఎక్కడ నొక్కాలో చూపించడానికే ఒక స్లైడ్ కావాలి. ఇక లింకు నొక్కేశాక ఏం చెయ్యాలో చెప్పేది ఇంకొకటి. దీన్ని అందరూ మర్చిపోతారు. నొక్కినవాడు తిడతారేమోనని భయపడి నోరు మూసుకుంటాడు, ఈలోగా జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ముందు ఏ పాస్‌వర్డ్ మార్చాలో ఆ స్లైడ్ మీద పెద్దక్షరాల్లో ఉండాలి.

అదే స్క్రీన్‌షాట్ మెయిల్ సర్వర్లు చూసుకునే టీమ్‌కి చూపిస్తే నవ్వుతారు. వాళ్లు మాట్లాడుకోవాల్సింది వేరే. మన పేరుతో వచ్చే దొంగ మెయిళ్లని ఏం చెయ్యాలో అవతలి సర్వర్లకి చెప్పే డీమార్క్ పాలసీ మన డొమైన్‌కి ఇంకా `p=none` దగ్గరే ఎందుకుంది? అంటే మన పేరుతో దొంగ మెయిల్ వెళ్తున్నా దాన్ని ఆపమని అవతలి సర్వర్‌కి మనం చెప్పడం లేదు, రిపోర్టులు మాత్రం తెప్పించుకుంటున్నాం. రేపు వాటిని తిప్పికొట్టమని `p=reject` పెడితే, మన తరఫున మెయిళ్లు పంపే బయటి సర్వీసుల్లో సరిగ్గా సెట్ చెయ్యనివి ఏవి ఆగిపోతాయి? ఆ లిస్టు మీద గంట చర్చ నడుస్తుంది. రిసెప్షన్‌లో కూర్చునే ఆవిడకి ఇందులో ఒక్క ముక్క పనికిరాదు.

ఇక డైరెక్టర్లయితే ఈ రెండూ అక్కర్లేదు. ఏం కావాలి, ఎంతవుతుంది, చెయ్యకపోతే ఏమవుతుంది అన్నది మొదటి స్లైడ్ మీదే ఉండాలి. మూడో స్లైడ్ దాకా ఆగేవాళ్లు తక్కువ.

ఈ మూడు పీపీటీల్లోనూ ఉమ్మడిగా ఉండేది టైటిల్ స్లైడ్ ఒక్కటే. ఎవరికో చెప్పకుండా చెయ్యమంటే వచ్చేది మనందరం వందసార్లు చూసిందే: నిర్వచనం, రకాలు, ఒక హుడీ వేసుకున్న హ్యాకర్ బొమ్మ, జాగ్రత్తలు అని ఎనిమిది బుల్లెట్లు, ధన్యవాదాలు. తప్పు ఒక్కటీ ఉండదు, ఎవరికీ పనికొచ్చేదీ ఉండదు. దాని మీద వచ్చే ఫీడ్‌బ్యాక్ చూస్తేనే జబ్బు తెలిసిపోతుంది. ఒకరు "ఇంకొంచెం డెప్త్ ఉండాలి" అంటారు, ఇంకొకరు "ఇంత డీటెయిల్ ఎందుకు" అంటారు. ఇద్దరూ చూసింది ఒకే ఫైలు. ఇద్దరి మనసులో ఉన్న మీటింగులే వేరు.

టైమ్ సంగతి ఇంకో తమాషా. అరగంట మీటింగ్ అంటే మీ చేతిలో అరగంట ఉందనుకోకండి. జనం చేరేసరికి, "స్క్రీన్ కనిపిస్తోందా?" అయ్యేసరికి ఐదు నిమిషాలు. చివర్లో ప్రశ్నలకి పది వదలాలి. మిగిలేది పదిహేను. సిబ్బందికి చూపించే స్క్రీన్‌షాట్ స్లైడ్ ఒకటిన్నర నిమిషం తీసుకుంటే పది స్లైడ్లు పడతాయి. అదే పదిహేను నిమిషాల్లో ఐటీ టీమ్‌కి మూడు స్లైడ్లు చెబితే గొప్ప, ఎందుకంటే ఒక్కో సెట్టింగ్ దగ్గర ఐదు నిమిషాలు వాదించుకుంటారు. అందుకే "ఎన్ని స్లైడ్లు" అన్నది నా దృష్టిలో అన్నిటికంటే చివరి ప్రశ్న. పెచాకుచా అనే ప్రెజెంటేషన్ పద్ధతిలో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లలో అయిపోతుంది. వెంచర్ క్యాపిటలిస్ట్ గై కవాసాకీ చెప్పిన 10-20-30 సూత్రంలో పది స్లైడ్లకి ఇరవై నిమిషాలు, అక్షరాలు 30 పాయింట్లకి తగ్గకూడదు. రెండూ ఎవరి అవసరానికి వాళ్లు పెట్టుకున్నవే. వినేవాళ్లెవరో, టైమెంతో తేలితే అంకె దానంతటదే వస్తుంది.

వినేవాళ్లు, టైమ్, లోతు, స్లైడ్ల లెక్క, ఈ నాలుగూ కాక ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఆ స్లైడ్లు పక్కన ఒక మనిషి నిలబడి చెప్పడానికా, మెయిల్లో పంపి చదివించడానికా? నిలబడి చెప్పేటప్పుడు స్లైడ్ నిండా వాక్యాలుంటే జనం చదువుకుంటారు, మీ మాట వినరు. మెయిల్లో పంపేదాంట్లో ఒక బొమ్మా, మూడు మాటలూ ఉంటే తెరిచినవాడికి ఏమీ అర్థం కాదు. "రెండింటికీ పనికొచ్చేలా చెయ్యి" అంటే రెండింటికీ పనికిరాకుండా తయారవుతుంది. చదివేదానికి వేరే నోట్ రాసివ్వడం చాలా సులువు.

ఇంతకీ అడిగేవాళ్లు కావాలని దాస్తారా అంటే, లేదు. చాలాసార్లు వాళ్లకీ తెలియదు. "సార్ చెప్పారు, నీకు చెప్తున్నా" అంతే. అలాంటివాళ్లకి నాలుగు ప్రశ్నల లిస్టు పంపితే జవాబు రాదు. ముందు మీటింగ్ ఇన్వైట్ ఫార్వర్డ్ చెయ్యమనాలి. ఎవరెవరు వస్తున్నారో, ఎంత టైమో అందులో దొరుకుతాయి. అదీ లేకపోతే ప్రశ్న అడగకుండా మనమే ఒక మాట అనేసుకుని చెప్పాలి. నేను పంపేది ఇలా ఉంటుంది: "టెక్నికల్ కాని సిబ్బందికి, అరగంట స్లాట్, తొమ్మిది స్లైడ్లు, నిలబడి చెప్పడానికి అనుకుని చేస్తున్నాను మేడమ్. సాయంత్రం నాలుగు లోపల వేరేలా అయితే చెప్పండి." ప్రశ్నకి బద్ధకించేవాళ్లు తప్పు కనపడితే మాత్రం క్షణంలో లేస్తారు. "అయ్యో, ఇది డైరెక్టర్స్‌కి!" అని రెండు నిమిషాల్లో జవాబు వస్తుంది. ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా తల్లీ!

జవాబు వచ్చినా డిజైన్ జోలికి వెంటనే పోను. ముందు తొమ్మిది టైటిళ్లు మాత్రం రాసి పంపుతాను. అవి కూడా "ఫిషింగ్ రకాలు" లాంటివి కాదు, "పేరు మీద నొక్కితే అసలు అడ్రస్ బయటపడుతుంది" లాంటి పూర్తి వాక్యాలు. లోతు ఎక్కువైందో తక్కువైందో అక్కడే తేలిపోతుంది. ఒక వాక్యం మార్చడం నిమిషం పని, బొమ్మలన్నీ గీశాక మార్చడం పూట పని. పైవాళ్లు ఏదైనా లోతుగా అడుగుతారేమోనన్న అనుమానం ఉంటే డీమార్క్ లాంటి స్లైడ్లు చివర్లో పెట్టి హైడ్ చేస్తాను. షో నడుస్తుండగా ఆ స్లైడ్ నంబర్ టైప్ చేసి ఎంటర్ కొడితే పవర్‌పాయింట్ నేరుగా అక్కడికి తీసుకెళ్తుంది, హైడ్ చేసినా సరే. ఆ నంబర్లు ఒక చీటీ మీద రాసి మాట్లాడేవాళ్ల చేతికిస్తాను.

చివరికి ఏ జవాబూ రాకపోతే నేననుకున్నదే చేసేస్తాను. మొదటి స్లైడ్ నోట్స్‌లో, ఫైల్ పేరులో కూడా "సిబ్బందికి, 15 నిమిషాలు" అని రాసిపెడతాను. ఎందుకంటే కొన్నాళ్లకి ఇదే ఫైలుని ఎవరో తీసి ఐటీ టీమ్ మీటింగ్‌లో పెడతారు, పెట్టి "ఇందులో టెక్నికల్ కంటెంటే లేదే" అంటారు.