యాభై పదాల వ్యక్తిత్వం

ఉచితంగా వచ్చే వస్తువు మీద ఆశపడటం మానవ సహజమని, దానికి పెట్టిన షరతులను చదవడం మాత్రం మానవాతీతమని నేను చాలాకాలంగా అనుమానిస్తూ వచ్చాను. ఈమధ్య ఒక బహుమతి పోటీ ప్రకటనకు వచ్చిన జవాబులను, పనిలేక కాదు, ప్రత్యర్థుల బలాబలాలు అంచనా వేయాలన్న సదుద్దేశంతోనే, మొదటి నుంచి చివరిదాకా చదివాక నా అనుమానం సిద్ధాంత స్థాయికి చేరింది.

పోటీ చాలా చిన్నది. ఒక ఇంకు పెన్నును ఊరికే ఇస్తారు. షరతులు ఐదు. మనిషికి ఒక్కటే జవాబు. నలుపు, నీలం రంగుల్లో ఏది కావాలో చెప్పాలి. ఆ పెన్నుతో మొట్టమొదట ఏం రాస్తారో 50 పదాలకు మించకుండా చెప్పాలి. నిర్వాహకుల గడియారం ప్రకారం ఆదివారం రాత్రి 12 గంటలలోపు జవాబు చేరాలి. ఒకసారి పంపిన జవాబును తర్వాత దిద్దితే అది లెక్కలోకి రాదు. వీటి అడుగున, ఎవరూ అంతదూరం రారన్న ధీమాతో కాబోలు, ఇంకొక వాక్యం పెట్టారు: షరతులన్నీ పాటించినవాటిలో నచ్చిన పది జవాబులను ఏరి, ఆ పదింటిలో లాటరీ తీస్తారు.

ఈ చివరి వాక్యమే అసలు కీలకం. ఎంపిక మొత్తం లాటరీయే అయితే మహాకవి జవాబుకూ, రంగు పేరు మాత్రం చెప్పి ఊరుకున్నవాడి జవాబుకూ ఒకే అవకాశం ఉంటుంది కనుక, అక్కడ శైలి కోసం రాత్రంతా మేలుకోవడం ఆరోగ్యానికి చేటు. ఎంపిక మొత్తం చదివి చేసేదైతే ప్రతి పదమూ పనిచేస్తుంది. ఇక్కడ రెండూ ఉన్నాయి. మన ప్రతిభ మనల్ని పదిమందిలోకి చేర్చగలదు, ఆ తర్వాత దాని ఉద్యోగం అయిపోతుంది. కాబట్టి ఎంత శ్రమపడాలో తేల్చుకోవడానికి ముందు గెలుపును ఎవరు నిర్ణయిస్తారో, మనిషా చీటీయా, చూసుకోవడం వివేకవంతుల లక్షణం. నేను జవాబు పంపిన తర్వాత చూసుకున్నాను.

ఇక వచ్చిన జవాబుల సంగతి. అత్యధికులు 'సూపర్ సార్, నాకు కావాలి' అన్న సంప్రదాయానికి చెందినవారు. వీరిలో రంగు చెప్పినవారు లేరు, ఏం రాస్తారో చెప్పినవారు అసలే లేరు. కోరికను సూటిగా వెల్లడించడంలో మాత్రం వారికి సాటి లేరు. ఒక పెద్దమనిషి, తనకంటే ముందు ఒక ఆవిడ పంపిన జవాబు బాగుందని మక్కీకి మక్కీ దించుకున్నారు. దాంతో ఆయన కూడా ఆ పెన్నుతో మొట్టమొదట 'దూరాన ఉన్న మా ఆయనకు' ఉత్తరం రాయబోతున్నట్టు లోకానికి తెలిసింది. మరొకరు 50 పదాల పరిమితిని శాస్త్రీయంగా జయించారు. లెక్కపెట్టే యంత్రం ఖాళీలను బట్టే పదాలను ఎంచుతుందని గ్రహించి, తెలుగులో సంధి ఉండనే ఉంది కదా అని, ఖాళీలన్నీ తీసేసి పేరా మొత్తాన్ని నాలుగు పదాల్లో ముగించారు. మన భాషలో కలిపి రాస్తే ఒకటి, విడదీస్తే మూడు అయ్యే మాటలు కోకొల్లలు కనుక ఆయన వాదనలో పస లేకపోలేదు. కానీ న్యాయనిర్ణేత యంత్రం కాదు, ఆ నాలుగు పదాలనూ ఊపిరి బిగబట్టి చదవవలసి వచ్చిన మనిషి. ఎవరు ఎలా విడదీసి లెక్కపెట్టినా 50 దాటనంత ఎడం ఉంచుకోవడం ఒక్కటే దీనికి విరుగుడు.

ఆ మనిషి స్థానంలో ఒక్క క్షణం కూర్చుని చూడండి. అతను మొదట చదవడు, కొట్టేస్తాడు. రంగు లేదు, కొట్టివేత. పదాలు ఎక్కువ, కొట్టివేత. ఒకే పేరుతో రెండు జవాబులు, రెండూ కొట్టివేత. మిగిలినవాటినే మనసు పెట్టి చదువుతాడు. రంగును మూడో వాక్యం మధ్యలో 'నీలాకాశం వంటి' అనే ఉపమానంలో దాచిపెట్టిన కవిగారిని అతను రంగు చెప్పనివారి ఖాతాలో వేస్తే అది అతని రసహీనత కాదు. అడిగినదాన్ని మొదటి మాటగా చెప్పేస్తే మిగిలిన చోటంతా మనదే.

ఈ జ్ఞానంతో నేను చేసిన తొలి ప్రయత్నం 214 పదాలు వచ్చింది. 'అక్షరం నాకు ఆరోప్రాణం' అని మొదలై, నా బాల్యం మీదుగా, నిర్వాహకుల సేవాభావం దాకా సాగింది. రెండోదాన్ని 50 పదాలకు కుదించాను. 'నీలం. నా భావాలకు రెక్కలు తొడిగే తొలి కవిత రాస్తాను' అన్నది దాని సారాంశం. షరతుల ప్రకారం దానికి వంక పెట్టలేం. అయితే చివరన ఎవరి పేరు పెట్టినా అతికిపోతుందని, ఆ దించుకున్న పెద్దమనిషి సైతం ఇబ్బంది పడకుండా వాడుకోవచ్చని గమనించి దిగులుపడ్డాను. సొంతగొంతు అంటే మన మనసు ఎంత గొప్పదో చెప్పుకోవడం అని అంతవరకు నా అభిప్రాయం. నిజానికి పక్కవాడు ఎత్తుకుపోతే వాడికి పనికిరాని వివరం ఒకటి ఉంటే చాలు. చివరికి పంపింది ఇది:

'నీలం. పదకొండేళ్ల కిందట పరీక్ష హాల్లో ఒక మిత్రుడి దగ్గర అడిగి తీసుకున్న నీలం పెన్నును నేను తిరిగి ఇవ్వలేదు. అడిగినప్పుడు ఇచ్చేశానని బుకాయించాను. ఈ పెన్నుతో మొదట అతనికి క్షమాపణ ఉత్తరం వ్రాస్తాను. ఉత్తరంతో పాటు పెన్ను కూడా పంపాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.'

మొత్తం 33 పదాలు. మిత్రుడి పేరు, ఊరు, నా ఫోన్ నంబరు, చిరునామా ఏవీ లేవు. జవాబు వ్యక్తిగతంగా ఉంటే మంచిది కదా అని ఇంటి నంబరుతో సహా రాసినవారికి ఫలితాలకు ముందే 'మీరే గెలిచారు, రవాణా ఖర్చు పంపండి' అన్న సందేశాలు వచ్చాయని విన్నాను. ఊరికే ఇస్తామన్న బహుమతికి ముందుగా డబ్బు అడిగేవాడు దాన్ని ఇచ్చేవాడు కాడు. నెగ్గినవారి చిరునామాను నిర్వాహకులే నెగ్గాక విడిగా అడుగుతారు.

శనివారమే పంపి నిశ్చింతగా పడుకున్నాను. అర్ధరాత్రి మెలకువ వచ్చింది. 'వ్రాస్తాను' అన్న మాట కళ్లలో ముల్లులా గుచ్చుకుంది. ఈ రోజుల్లో ఎవరు వ్రాస్తున్నారు, అందరూ రాస్తున్నారు కదా అనిపించింది. లేచి, ఆ 25వ పదం కిందున్న వత్తును, దానితో పాటు పైనున్న అక్షరాన్ని సరిచేసి, భాషకు న్యాయం జరిగిందన్న తృప్తితో మళ్లీ నిద్రపోయాను.

పదిమంది జాబితాలో నా పేరు లేదు. కారణం అడిగితే నిర్వాహకులు ఒక్క పరుషవాక్యమైనా లేకుండా ఐదో షరతును మళ్లీ పంపారు. లాటరీలో నెగ్గిన జవాబులో 'నీలం' అన్న మాటకు సున్నా లేదు. వారు దాన్ని దిద్దలేదు.

నా జవాబును ఆసాంతం మనసుపెట్టి చదివింది ఆ మిత్రుడు ఒక్కడే. ఇన్నాళ్లకు నాకు సందేశం పంపాడు. పెన్ను ఎప్పుడు ఇస్తావని అడిగాడు.