కాచిన నీళ్లు దండుగ అన్న మెసేజ్‌కు ఒక ఆశా కార్యకర్త జవాబు

"కాచిన నీళ్లు చచ్చిన నీళ్లు, మినరల్స్ అన్నీ ఎగిరిపోతాయి. ఇరవై నిమిషాలు తెర్లితే గాని క్రిములు చావవు, అంత గ్యాస్ ఎక్కడ తేవాలె? నల్లా నీళ్లల్ల ఎట్లాగూ మందు కలుపుతున్నరు. కాచి తాగినోళ్ల పిల్లలకే మోషన్స్ అవుతున్నయి. ఉత్త నీళ్లు తాగితేనే తట్టుకునే శక్తి వస్తది. అందరికీ పంపండి." వదినా, మా సంఘం గ్రూపుల ఇదే తిరుగుతాంది, నిజమేనా?

నర్సంపేట దిక్కు ఒక పల్లెలో నేను ఆశా కార్యకర్తను. బుధవారం టీకాల రోజు అంగన్‌వాడీలో ఒక చెల్లె ఫోన్ నా చేతిలో పెట్టి ఇలా అడిగింది. అక్కడ నిలబడి పది నిమిషాలు చెప్పాను. చెప్పింది సగమే అనిపించి మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మినరల్స్ సంగతి. నీళ్లు ఆవిరైపోతాయి గాని అందులోని ఖనిజాలు ఆవిరి కావు. మన బోరు నీళ్లు కాచిన గంజుకు అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, అది సున్నం. కాచినప్పుడు అంత సున్నం మాత్రం గంజుకు అంటుకుంటుంది, మిగతావి నీళ్లలోనే ఉంటాయి. పిల్లలకు కావలసిన కాల్షియం ఎక్కువగా వచ్చేది పాలు, రాగులు, ఆకుకూరల నుంచే గాని నల్లా నుంచి కాదు. కాచిన నీళ్లు చప్పగా ఉంటాయన్నది మాత్రం నిజం. వేడికి నీళ్లలో కరిగి ఉన్న గాలి బయటికి పోతుంది, చప్పదనం అందువల్లే. చల్లారాక కడిగిన ఇంకో గిన్నెలోకి పైనుంచి ఒకటి రెండు సార్లు ఒంపితే గాలి మళ్లీ కలిసి రుచి వస్తుంది. ఇక్కడే ఇంకో మాట: ఖనిజాలు పోవు కాబట్టే ఫ్లోరైడ్ కూడా పోదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లను ఎంత కాచినా లాభం లేదు, పైగా నీళ్లు ఇగిరిన కొద్దీ అది చిక్కనవుతుంది. కాచడం క్రిములకు మందు, ఫ్లోరైడ్‌కు కాదు.

ఇరవై నిమిషాల మాట ఎక్కడ పుట్టిందో తెలియదు గాని, దీనికి భయపడే చాలామంది కాచడం మానేస్తున్నారు. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్తాను. మోషన్స్ తెచ్చే క్రిములు మనిషి పేగుల్లో బతకడానికి అలవాటు పడ్డవి. అక్కడ వేడి 37 డిగ్రీలు. వాటి ఒళ్లు కూడా ప్రొటీన్లతోనే తయారైంది. గుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడితే మళ్లీ పచ్చిది కాదు కదా, క్రిమి లోపల జరిగేది కూడా అదే. పాల డెయిరీల్లో 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే చాలు, పాలలోని రోగకారక క్రిములు చస్తాయి. కలరా, టైఫాయిడ్, జిగట విరేచనాల క్రిములు ఆ వేడికి నిలవలేవు. కామెర్లు తెచ్చే వైరస్ కొంచెం మొండిది, దానికి 85 డిగ్రీలు దాటాలి. నీళ్లు తెర్లే సరికి 100 దగ్గర ఉంటాయి కాబట్టి అప్పటికే పని అయిపోతుంది.

మరి 72 చాలు అన్నప్పుడు తెర్లేదాకా ఎందుకు? మన వంటింట్లో థర్మామీటర్ లేదు. కంటికి తప్పకుండా కనిపించే గుర్తు తెర్లడం ఒక్కటే. ఈ గుర్తు దగ్గరే పొరపాటు జరుగుతుంది. గంజు అంచుకు, అడుగున చిన్న చిన్న బుడగలు కట్టగానే కాగినయని దించేస్తారు. అవి నీళ్లలోంచి బయటికొస్తున్న గాలి బుడగలు, అప్పటికి నీళ్లు ఇంకా సగం వేడిలోనే ఉంటాయి. పెద్ద బుడగలు అడుగు నుంచి పైకి తన్నుకొచ్చి, నీళ్లంతా కిందిమీద అవుతూ, గంటెతో కలిపినా తెర్లడం ఆగకుండా ఉండాలి. అక్కడి నుంచి ఒక్క నిమిషం, అంతే. 2000 మీటర్లకు పైన కొండల్లో నీళ్లు తక్కువ వేడికే తెర్లుతాయి కాబట్టి వాళ్లు మూడు నిమిషాలు ఉంచాలి, మన వరంగల్‌కు ఆ అవసరం లేదు. వానాకాలం మట్టి నీళ్లయితే ముందు నాలుగు మడతల నూలు బట్టతో వడగట్టి తర్వాత కాచాలి.

గ్యాస్ లెక్క కూడా చూద్దాం. పది లీటర్లు తెర్లడానికి సుమారు 100 గ్రాముల గ్యాస్ పడుతుంది, మూత పెడితే ఇంకా తగ్గుతుంది. తెర్లిన తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు మంట పెడితే దాదాపు అందులో సగం దండుగ. రోజూ పది లీటర్లంటే నెలకు మూడు కిలోలు, అది తక్కువ ఖర్చేమీ కాదని నాకూ తెలుసు. అందరికీ కాచలేకపోతే చిన్నపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్లకు కాచండి. మిగతా బిందెకు క్లోరిన్ బిళ్ల వేయండి. మేము ఇచ్చే బిళ్ల 20 లీటర్లకు ఒకటి, వేసి కలిపి అరగంట ఆగి తాగాలి. బిళ్లల సైజు మారితే లెక్క మారుతుంది కాబట్టి కవరు మీద చూసుకోండి. 2023 జులైలో మోరంచ వాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు చూశాం, అలాంటి రోజుల్లో పొయ్యే ఉండదు, కాచేదెక్కడ? అప్పుడు బిళ్లే దిక్కు.

నల్లా నీళ్లలో మందు కలుపుతారన్నది నిజమే, అది క్లోరిన్. కలపడం ట్యాంకు దగ్గర, తాగడం మన ఇంట్లో. నల్లా దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మా దగ్గరి కిట్‌లో రెండు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు పసుపుపచ్చగా మారతాయి. ఒకే రోజు, ఒకే ట్యాంకు నీళ్లు, రెండు చోట్ల పట్టి చూశాను. ట్యాంకు పక్క ఇంట్లో పసుపు వచ్చింది, చివరి వాడ ఇంట్లో రంగే రాలేదు. నీళ్లు వచ్చేది రోజుకు కాసేపే, మిగతా పొద్దంతా పైపు ఖాళీ. మోరీ పక్క నుంచి పోయే పైపుకు ఎక్కడైనా పగులు ఉంటే ఆ ఖాళీలోకి మోరీ నీళ్లు ఊరుతాయి. దానికి తోడు నల్లాకు మోటరు బిగించి గుంజితే బయటి మురికి కూడా లోపలికి వస్తుంది. ఆ మురికిని చంపే పనిలోనే క్లోరిన్ ఖర్చయిపోతుంది. పైగా క్లోరిన్‌కు లొంగని క్రిములూ కొన్ని ఉన్నాయి, తెర్లే నీళ్లలో అవీ బతకవు.

ఇక మెసేజ్‌లో నన్ను ఆలోచనలో పడేసిన మాట, కాచి తాగిన ఇంట్లోనే పిల్లలకు మోషన్స్ అవుతున్నాయన్నది. ఇది పూర్తి అబద్ధం కాదు. అలాంటి ఇల్లు నేనే చూశాను.

పోయిన వానాకాలం ఆ చివరి వాడలోనే ఒక ఇంట్లో రెండేళ్ల పాపకు నెలలో మూడు సార్లు మోషన్స్ పట్టుకున్నాయి. కోడలు రోజూ నీళ్లు కాచేది, నేను వెళ్లినప్పుడు కూడా పొయ్యి మీద గంజు తెర్లుతూనే ఉంది. పిల్ల నానమ్మ నన్ను చూసి, "కాగబెట్టుడు ఎందుకే బిడ్డా, అయ్యేటివి అయితనే ఉన్నయి" అంది. ఆమెకు ఏం చెప్పాలో తోచక పొద్దంతా అక్కడే కూర్చుని చూశాను. చల్లారిన నీళ్లను స్టీలు బిందెలోకి పోసింది. పొద్దున నల్లా నీళ్లు పట్టిందీ ఆ బిందెలోనే, మధ్యలో కడగలేదు. మూత సగం జరిగి ఉంది. ఐదేళ్ల పిల్లాడు వాకిట్లో ఆడుకుని వచ్చి గ్లాసు ముంచాడు. గ్లాసుతో పాటు నాలుగు వేళ్లు మణికట్టు దాకా మునిగాయి.

నీళ్లు పరీక్షించే చిన్న సీసాలు మా దగ్గర ఉంటాయి. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి ఇంట్లోనే ఒకటి రెండు రోజులు ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే చాలా వరకు నల్లబడతాయి. మూడు సీసాలు నింపాను. ఒకటి నేరుగా నల్లా నుంచి, ఒకటి గంజులో మూతతో చల్లారిన నీళ్లు, ఒకటి సాయంత్రం బిందెలోంచి. మర్నాడు ఆ సమయానికి నల్లా సీసా నల్లబడింది. గంజు సీసా పోసినప్పటి రంగులోనే ఉంది. బిందె సీసా కూడా నల్లబడింది. నానమ్మ మూడింటినీ వెలుగుకు పెట్టి చూసి, "గంజుల మంచిగున్న నీళ్లు బిందెల కరాబైనయా" అని తానే అంది.

జరిగింది అదే. కాచితే ఆ క్షణంలో ఉన్న క్రిములు చస్తాయి, తర్వాత వచ్చి పడేవాటిని ఆపే గుణం కాచిన నీళ్లకు లేదు. క్లోరిన్ కొంతసేపు కాపలా ఉంటుంది, వేడి చల్లారితే ఏమీ మిగలదు. ఆ ఇంట్లో మార్చింది మూడు పనులు. కాచిన గంజులోనే, మూత తీయకుండా చల్లార్చారు. కింద నల్లా ఉన్న స్టీలు క్యాను ఒకటి కొని, వేడి నీళ్లతో కడిగి, అందులోనే పోసి తిప్పి పట్టుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు నీళ్లు మిగిలితే మర్నాడు గిన్నెలు తోమడానికి వాడారు, తాగలేదు. క్యాను కొనలేనివాళ్లకు పొడుగు కాడ గంటె చాలు, మేకుకు తగిలించాలి, బిందెలోకి చెయ్యి పోవద్దు. వారం తర్వాత క్యానులోంచి పట్టిన సీసా నల్లబడలేదు. పాపకు ఆ వానాకాలం మళ్లీ మోషన్స్ కాలేదు. ఒక్క ఇల్లు చూసి అన్ని ఇళ్లకు లెక్క కట్టను, ఎందుకంటే మోషన్స్ నీళ్ల వల్లే కాదు, కడగని చేతుల వల్ల, ఈగలు వాలిన అన్నం వల్ల కూడా వస్తాయి. నీళ్ల దారి మూసుకుందని మాత్రం ఆ సీసా చెప్పింది.

ఉత్త నీళ్లతో తట్టుకునే శక్తి వస్తుందనే మాట వింటే నాకు బాధేస్తుంది. మోషన్స్ తెచ్చే క్రిములు ఒకటి రెండు కావు, ఒకదాన్ని తట్టుకున్న పిల్ల ఇంకోదానికి దొరికిపోతుంది. వచ్చిన ప్రతిసారీ తిన్నది ఒంటికి పట్టక బరువు తగ్గుతుంది, తగ్గిన పిల్లకు మళ్లీ తొందరగా వస్తుంది. రోటా వైరస్‌కు మాత్రం రోగం రాకుండానే శక్తి తెచ్చుకునే దారి ఉంది, అదే మేము 6, 10, 14 వారాలకు వేసే టీకా. ఆరు నెలల లోపు పిల్లలకైతే కాచినవి గాని, ఉత్తవి గాని నీళ్లే వద్దు, తల్లిపాలు ఒక్కటే.

అన్నీ పాటించినా మోషన్స్ మొదలైతే, కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో మేము ఇచ్చే ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలపండి. సగం ప్యాకెట్ సగం నీళ్లలో అని అంచనా వేయొద్దు, కలిపాక మళ్లీ కాచొద్దు, 24 గంటలు దాటితే పారబోయండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు జింక్ బిళ్ల 20 మిల్లీగ్రాములు రోజుకొకటి, మోషన్స్ ఆగినా 14 రోజులు వేయాలి. కళ్లు గుంటలు పడ్డా, తాగలేకపోయినా, నెత్తురు కనిపించినా రాత్రైనా సరే 108కి ఫోన్ చేయండి, పొద్దున దాకా ఆగొద్దు.