చప్పిడి ముక్కు దొరగారికి చెన్నైలో కాపురం

పగ్, బుల్‌డాగ్ జాతి కుక్కలకి కోపమే రాదంటారు. నిజమే, ముక్కు మీద కోపం ఉండాలంటే ముందు ముక్కు ఉండాలి కదా. ముద్దొచ్చే మొహం కోసం తరతరాలుగా ఏరికోరి జతకట్టించి, వాటి మూతిని వెనక్కి నొక్కేసిన మహానుభావులు ఇల్లు చిన్నది చేశారు గానీ సామాను తగ్గించడం మరిచిపోయారు. మూడు పడగ్గదుల ఇంటి బీరువాలన్నీ తెచ్చి వేళచ్చేరిలో ఒంటిగది వాటాలో సర్దినట్టు, పొడుగాటి మెత్తని అంగిలి, దళసరి నాలుక, ముక్కు లోపలి మడతలు అన్నీ ఆ బుల్లి పుర్రెలోనే కుక్కి ఉంటాయి. కామా ఆకారంలో తెరుచుకుని ఉండాల్సిన ముక్కు రంధ్రాలు చాలావాటికి బ్లేడుతో గీసిన గీతల్లా ఉంటాయి. కొన్ని బుల్‌డాగ్‌లకైతే గాలిగొట్టం కూడా పుట్టుకతోనే సన్నం.

అందులోంచి గాలి ఈడ్చుకునే చప్పుడే గురక. దాన్ని మనం కచేరీ అనుకుని ఫోన్లో రికార్డు చేసి బంధువులందరికీ పంపుతాం. బొమ్మ నోట కరుచుకుని పడుకుంటే "పసిపిల్లాడే!" అని మురిసిపోతాం. చాలాసార్లు ఆ పసిపిల్లాడు నోరు మూతపడితే గాలాడదని బొమ్మను అడ్డు పెట్టుకున్నాడన్నమాట. గడ్డం దిండు మీద ఎత్తిపెట్టి పడుకోవడం, కూర్చునే కునుకు తీయడం కూడా అలాంటి తంటాలే.

కాబట్టి ఆ రికార్డింగ్ ఆపి, రోజూ ఒక చిన్న లెక్క చేయండి. కుక్క చల్లటి గదిలో గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ పైకి లేచి కిందికి దిగితే ఒకటి. అలా 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. నిమిషానికి 30 లోపు ఉండాలి. రోజూ 22 వచ్చే కుక్కకు వరసగా మూడు రోజులు 34 వస్తే, అది డాక్టరుకి చెప్పాల్సిన సంగతి.

ఇక ఎండ. మనలా ఒళ్లంతా చెమట పట్టే భాగ్యం కుక్కకు లేదు. అరికాళ్లలో కాస్త పడుతుందంతే. నాలుక మీదా ముక్కు లోపలా ఉన్న తడి ఆవిరైతేనే దానికి చల్లదనం. ముక్కు లోపల చోటు లేనివాడికి ఆ కూలర్ సగమే పనిచేస్తుంది. పైగా గట్టిగా రొప్పేకొద్దీ గొంతు వాస్తుంది, వాచేకొద్దీ ఇంకా గట్టిగా రొప్పాలి. మన చెన్నైవాళ్లు "సాయంత్రం సముద్రం గాలి వచ్చిందిగా" అని బయల్దేరతారు. గాలి వచ్చిన మాట నిజమే, దాంతోపాటు తేమా వచ్చింది. దండెం మీద బట్టలు ఆరని పూట పగ్ కూడా చల్లారదు.

మే నెల, కత్తిరి రోజులు, సాయంత్రం ఆరున్నర. ఏడు కిలోలుండాల్సిన బాబాయిగారి పగ్ లడ్డూ పదిన్నర కిలోలున్నాడు, పేరుకు న్యాయం చేయాలిగా. ఆ కొవ్వు గొంతు చుట్టూ కూడా చేరి ఉన్న దారిని ఇంకా ఇరుకు చేస్తుంది. మెడకు బెల్టు మరొకటి, ఛాతీకి హార్నెస్ వేసే బదులు. పది నిమిషాల నడకకే నాలుక చెంచాలా వెడల్పై వేలాడింది, లాలాజలం తీగలా సాగుతోంది. లిఫ్టు దగ్గర పక్కింటావిడ "ఎంత బాగా నవ్వుతున్నాడో!" అంది. అప్పటికే రోజూ వినే గుర్రు పోయి, సన్నటి ఈల మొదలైంది. చిగుళ్లు గులాబీ రంగు వదిలి ఇటుక ఎరుపయ్యాయి. అవి నీలానికి తిరిగితే ఆక్సిజన్ అందడం లేదని అర్థం.

ఇక్కడ బాబాయిగారు తడి తువ్వాలు కప్పబోయారు. వద్దు. కాసేపటికి అదే దుప్పటై వేడిని లోపలే ఆపుతుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బెల్టు విప్పి, నీడలో పడుకోబెట్టి, పొట్టకీ తొడల మధ్యా మొదలుపెట్టి ఒళ్లంతా తడిసేలా చల్లటి నీళ్లు పోస్తూ, ఫ్యాను పెట్టాలి. మిద్దె మీది ట్యాంకు కాగి ఉంటుంది కనుక ముందు నీళ్లు చేత్తో చూసుకోండి. ఆసనంలో థర్మామీటరు పెడితే 106 ఫారెన్‌హీట్ చూపించింది. మామూలుగా 101 నుంచి 102.5 ఉండాలి. 103.5కి దిగాక నీళ్లు ఆపేయాలి, లేకపోతే ఒళ్లు మరీ చల్లబడిపోతుంది. ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు ఆసుపత్రికి ఫోన్ చేసి, కారులో ఏసీ వేసి ఉంచాలి.

లేచి తోక ఊపినా సరే, తీసుకెళ్లాల్సిందే. కిడ్నీలు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే గుణం చెడిపోవడం ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడతాయి. గండం గడిచాక, ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి అంగిలి కత్తిరించే ఆపరేషన్ గురించి కూడా డాక్టరు మాట్లాడతారు. చిన్న వయసులో చేయిస్తేనే దాని ఫలితం ఎక్కువ.

అంతకుముందు డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, "నిద్రలో నిమిషానికి ఎన్ని ఊపిర్లు?" లడ్డూ ఫొటోల పేజీని ఎంతమంది చూస్తున్నారో బాబాయిగారికి కంఠతా వచ్చు. ఈ లెక్క మాత్రం పిన్నిగారిని అడగాలన్నారు.