కోత తప్పితే చికిత్స అయిపోయినట్టు కాదు

మలద్వారానికి నాలుగు సెంటీమీటర్ల పైన, పెద్దపేగు చివరి భాగమైన రెక్టమ్‌లో క్యాన్సర్ గడ్డ ఉన్న 52 ఏళ్ల మనిషిని ఊహించుకోండి. నేరుగా ఆపరేషన్ చేస్తే మలద్వారం కూడా తీసేసి, జీవితాంతం పొట్ట మీద సంచి పెట్టాల్సి రావచ్చు. అందుకే ముందు ఐదున్నర వారాల్లో 28 సిట్టింగుల రేడియేషన్, ఆ రోజుల్లో కాపెసిటబిన్ అనే కెమో మాత్రలు, తర్వాత నాలుగు నెలల దాకా కెమో ఇచ్చారు. ఇప్పుడు కెమెరా గొట్టంతో లోపల చూసే స్కోపీలో గడ్డ కనిపించడం లేదు. "ఇంకా ఆపరేషన్ ఎందుకు సార్?" అని ఆయన అడిగితే కసురుకోకూడదు. న్యాయమైన ప్రశ్నే అది.

బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హబర్-గామా 2004లోనే ఇలాంటి 71 మందికి కోత పెట్టకుండా గమనిస్తూ వచ్చిన ఫలితాలను ప్రచురించారు. ఆ తర్వాత అమెరికాలో జరిగిన ఓప్రా ట్రయల్‌లో ముందు రేడియేషన్, తర్వాత కెమో తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి మూడేళ్లయినా రెక్టమ్ తీయాల్సిన అవసరం రాలేదు.

అసలు మెలిక 'గడ్డ లేదు' అన్న మాట దగ్గరే ఉంది. బయాప్సీ క్లీన్‌గా వస్తే చాలు, మనవాళ్లు గండం గడిచిందనుకుంటారు. అది చాలదు. పైన మచ్చ మానినా పేగు గోడ లోపల కణాలు మిగిలి ఉండొచ్చు. వేలితో చూస్తే నున్నగా తగలాలి, స్కోపీలో పుండు లేకుండా చదునైన తెల్ల మచ్చ మాత్రమే ఉండాలి, ఎంఆర్ఐలో గడ్డ జాడ గానీ అనుమానించదగ్గ లింఫు గ్రంథులు గానీ ఉండకూడదు. ఈ మూడూ ఒకే మాట చెప్పాలి.

అయినా సరే, దాదాపు నలుగురిలో ఒకరికి రెండేళ్లలోపే గడ్డ మళ్లీ వస్తుంది. ఇలా కోత లేకుండా గమనించిన 880 మంది వివరాలతో 2018లో వెలువడిన అంతర్జాతీయ రిజిస్ట్రీ చెప్పిన లెక్క ఇది. అలా వచ్చినవాటిలో 97 శాతం పేగు గోడలోనే కనిపించాయి. అంటే వేలికీ స్కోపీకీ అందే చోటే! మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి ఈ పరీక్షలు, ఆరు నెలలకోసారి ఎంఆర్ఐ చేయాలనేది అందుకే.

"మన పేషెంట్లు తిరిగి రారు, వచ్చేసరికి ముదిరిపోతుంది" అంటారు కొందరు సర్జన్లు. భయం నిజమే. గడ్డ తిరిగొచ్చినవాళ్లలో క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకే ప్రమాదం ఎక్కువ. కానీ వాళ్లు రాకపోవడానికి కారణం బద్ధకమా?

ఆపరేషన్‌కు అడ్మిట్ అయితే బీమా బిల్లు కడుతుంది. అడ్మిట్ కాకుండా చేయించుకునే ఎంఆర్ఐకి చాలా పాలసీలు పైసా ఇవ్వవు. కోతకు డబ్బులుండి చూపుకు లేని ఈ ఏర్పాటే పేషెంటును కత్తి వైపు నెడుతోంది. రెండేళ్ల పరీక్షలన్నిటినీ కలిపి ఒకే ప్యాకేజీగా కట్టాలి. తేదీలన్నీ ముందే రాసివ్వాలి. పేషెంటు ఒక తేదీకి రాకపోతే మర్నాడే ఆసుపత్రి నుంచి ఫోన్ వెళ్లాలి.